తుడిచేసిన మాట ఎక్కడికి పోతుంది?

బస్టాండు నోటీసు బోర్డు కోసం ఒక గుమాస్తా కంప్యూటర్లో మూడు మాటలు టైపు చేసి సేవ్ చేశాడనుకుందాం: ‘రేపు బస్సు రాదు’. అంతలో డిపో నుంచి ఫోన్ వచ్చింది. బస్సు వస్తుందట. ‘రాదు’ తుడిచి ‘వస్తుంది’ అని పెట్టాడు. మళ్లీ ఫోన్. వచ్చేది రేపు కాదు, ఎల్లుండి. ‘రేపు’ తీసేసి ‘ఎల్లుండి’ అని కొట్టాడు. మూడోసారి ఫోన్ మోగింది. మొదట చెప్పిందే ఖాయమట. గుమాస్తా కంట్రోల్, జెడ్ మీటలు కలిపి రెండుసార్లు నొక్కాడు. ‘రేపు బస్సు రాదు’ అన్న వాక్యం చెక్కుచెదరకుండా తెర మీదికి తిరిగొచ్చింది.

‘రాదు’ అన్న మాటను అతను నిజంగానే తుడిచాడు. తెర మీద అది లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? టెక్స్ట్ ఎడిటర్ రాయబోయే ప్రోగ్రామర్ ముందు తేల్చుకోవాల్సింది ఇదే. తుడిచిన మాటను ఎక్కడో దాచాలి. ఎక్కడ, ఏ రూపంలో, ఎంతకాలం అన్న విషయాల్లో ఒక్కో ఎడిటర్ ఒక్కో దారి పట్టింది. ఆ దారుల్లో ప్రతిదానికీ ఒక ఖర్చుంది.

1968లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫ్రెస్ అనే వ్యవస్థలోనే చేసిన మార్పును వెనక్కి తీసుకునే వీలుంది, అయితే ఒక్క అడుగే. విండోస్ నోట్‌ప్యాడ్ కూడా దశాబ్దాల పాటు అంతే. కంట్రోల్-జెడ్ రెండోసారి నొక్కితే ఇంకా వెనక్కి పోవడానికి బదులు, మొదటి అన్‌డూ రద్దయి కొత్త పాఠ్యం తిరిగొచ్చేది. అడుగు తర్వాత అడుగు వెనక్కి వెళ్లే వసతి నోట్‌ప్యాడ్‌కు విండోస్ 11తోనే, 2021 చివర్లో వచ్చింది. ఒక్క అడుగు గుర్తుంచుకోవడానికి ఒక జేబు చాలు. వెయ్యి అడుగులు గుర్తుంచుకోవాలంటే సామాను సర్దే పద్ధతి కావాలి.

ఫొటోనా, చిట్టానా

అందరికీ మొదట తట్టే ఆలోచన ఫొటో. ప్రతి మార్పుకూ ముందు మొత్తం పాఠ్యానికి ఒక నకలు తీసి పక్కన పెట్టడం, అన్‌డూ అంటే చివరి నకలును తెచ్చి తెర మీద పరచడం. ఇందులో తప్పు జరిగే అవకాశం దాదాపు లేదు. ఏం మారిందో ఎవరూ లెక్క కట్టనక్కర్లేదు. నాలుగు వాక్యాలు పట్టే చిన్న పెట్టెకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు కూడా.

పుస్తకం సైజు ఫైలుతో మాత్రం ఇది నడవదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాన్ని విడివిడి సంకేతాలుగా రాస్తారు. హల్లుకు ఒకటి, గుణింతం గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి. ఫైళ్లలో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. అంటే ఒక మెగాబైటు తెలుగు ఫైల్లో సుమారు మూడున్నర లక్షల సంకేతాలు పడతాయి, ఓ మోస్తరు నవలంత. దాన్ని తెరిచి రెండు వేల మీటలు నొక్కితే, మీటకో ఫొటో చొప్పున రెండు గిగాబైట్ల జ్ఞాపకం ఖర్చవుతుంది. రచయిత రాసింది రెండు పేజీలు కూడా ఉండదు.

రెండో దారి చిట్టా. కొట్టు యజమాని ప్రతి సాయంత్రం సరుకంతా తూచి రాసుకోడు. ఏం వచ్చిందో, ఏం పోయిందో మాత్రం రాస్తాడు. ఎడిటర్ చిట్టాలో ఒక్కో పద్దుకు మూడు విషయాలు చాలు. ఎక్కడ మార్పు జరిగింది, అక్కడి నుంచి ఏం పోయింది, ఏం వచ్చింది.

గుమాస్తా వాక్యాన్ని లెక్కపెడితే ‘రేపు’లో నాలుగు సంకేతాలున్నాయి: ర, ఏత్వం, ప, కొమ్ము. తర్వాత ఒక ఖాళీ. ‘బస్సు’లో ఐదు: బ, స, పొల్లు, స, కొమ్ము. మళ్లీ ఖాళీ. అంటే మొదటి పదకొండు సంకేతాలు దాటాక ‘రాదు’ మొదలవుతుంది. కనుక మొదటి పద్దు ఇలా ఉంటుంది: 11వ స్థానంలో ‘రాదు’ పోయింది, ‘వస్తుంది’ వచ్చింది. రెండో పద్దు: 0వ స్థానంలో ‘రేపు’ పోయింది, ‘ఎల్లుండి’ వచ్చింది. వెనక్కి వెళ్లాలంటే వచ్చినదాన్ని తీసేసి, పోయినదాన్ని అక్కడే పెట్టాలి.

```
def undo():
    e = undo_stack.pop()
    text.replace(e.pos, len(e.inserted), e.removed)
    redo_stack.append(e)
```

రీడూ దీనికి అద్దంలో బొమ్మ. అదే పద్దును రెండో దొంతర నుంచి తీసి, పోయినదాన్ని మళ్లీ తొలగించి, వచ్చినదాన్ని మళ్లీ పెట్టి, పద్దును మొదటి దొంతర మీదికి చేరుస్తుంది. రెండు దొంతర్లలోనూ తీయడం, పెట్టడం పైనుంచే. ప్రోగ్రామర్లు స్టాక్ అనేది దీన్నే. చేతికి వేసుకున్న గాజుల్లా, చివర వేసుకున్నదే ముందు తీయాలి.

ఈ వరస తప్పితే ఏమవుతుందో గుమాస్తా వాక్యంలోనే చూడొచ్చు. రెండు మార్పులూ అయ్యాక తెర మీద ‘ఎల్లుండి బస్సు వస్తుంది’ ఉంది. రెండో పద్దును వదిలేసి ముందుగా మొదటి పద్దును వెనక్కి తిప్పబోయామనుకుందాం. పద్దు ప్రకారం 11వ స్థానం నుంచి ఎనిమిది సంకేతాలు తీసేసి ‘రాదు’ పెట్టాలి. కానీ నాలుగు సంకేతాల ‘రేపు’ స్థానంలో ఎనిమిది సంకేతాల ‘ఎల్లుండి’ వచ్చింది కాబట్టి ‘వస్తుంది’ ఇప్పుడు 15వ స్థానానికి జరిగిపోయింది. 11వ స్థానంలో ఉన్నది ‘బస్సు’ మధ్యలోని పొల్లు. అక్కడి నుంచి ఎనిమిది కోసేస్తే మిగిలేది ‘ఎల్లుండి బసరాదుుంది’. ఒత్తు పోయింది, కొమ్ము మీద కొమ్ము పడింది.

చిట్టా పద్ధతికి అసలైన ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. స్థానాలన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి. చిట్టాకు చెప్పకుండా ఎవరైనా పాఠ్యాన్ని ముట్టుకుంటే, ఆ మార్పుకు ముందున్న పద్దులన్నీ ఒక్కసారిగా తప్పవుతాయి. అలా ముట్టుకునేది సాధారణంగా రచయిత కాదు. సేవ్ చేసేటప్పుడు వాక్యాల చివరి ఖాళీలను తనంతట తాను కత్తిరించే ఫీచరో, కోడ్‌ను చక్కగా సర్దే పరికరమో ఆ పని చేస్తుంది. ఆ భాగం రాసిన ప్రోగ్రామర్ పాఠ్యాన్ని నేరుగా మార్చేస్తాడు, పద్దు రాయడం మరిచిపోతాడు. తప్పు అప్పటికప్పుడు బయటపడదు. పావుగంట తర్వాత ఎవరో కంట్రోల్-జెడ్ నొక్కినప్పుడు అక్షరాలు చిందరవందర అవుతాయి. అందుకే జాగ్రత్త గల ఎడిటర్ అన్‌డూ చేసే ముందు ఒకసారి సరిచూస్తుంది. పద్దులో ‘వచ్చింది’ అని రాసిన పాఠ్యం ఆ స్థానంలో నిజంగా ఉందా? లేకపోతే ముందుకు పోకుండా ఆగిపోతుంది. పాడైన పాఠ్యం కన్నా ఆగిపోయిన అన్‌డూ నయం.

చిట్టా అన్నివేళలా చౌక కూడా కాదు. ఒక్క అక్షరం కొడితే పద్దు చిన్నదే. కానీ మెగాబైటు ఫైలు మొత్తాన్ని ఎంచుకుని కొత్త పాఠ్యం అతికిస్తే, ఆ ఒక్క పద్దులోనే పోయిన మెగాబైటు, వచ్చిన మెగాబైటు రెండూ ఉండాలి. ఫొటోకు ఒక మెగాబైటు చాలేది.

ముక్కల పట్టీ

మూడో దారిలో అసలు తుడవడమన్నదే ఉండదు.

1974లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ బ్రావో అనే ఎడిటర్ రూపొందించారు. అది నడిచే ఆల్టో కంప్యూటర్లో ప్రాథమికంగా ఉన్న జ్ఞాపకం 128 కిలోబైట్లు. పెద్ద పత్రాన్ని పూర్తిగా అందులోకి తెచ్చి కదపడం కుదిరే పని కాదు. అక్కడ వాడిన ఉపాయం పీస్ టేబుల్, తెలుగులో చెప్పాలంటే ముక్కల పట్టీ. పాఠ్యంలో మాటలను వేగంగా వెతికే బోయర్-మూర్ పద్ధతిలోని జె స్ట్రోథర్ మూర్‌దే ఈ ఆలోచన. సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి వర్డ్ తయారీకి సారథ్యం వహించాడు. ముక్కల పట్టీ ఆయనతో పాటు వర్డ్‌లోకీ వెళ్లింది.

ఇందులో రెండు నిల్వలుంటాయి. తెరిచిన ఫైలు ఒకటి, దాన్ని ఎవరూ ముట్టుకోరు. కొత్తగా కొట్టినదంతా చేరే నిల్వ రెండోది. దాని చివర చేర్చడమే తప్ప అందులోంచి తీసేది ఏదీ ఉండదు. తెర మీద కనిపించే పాఠ్యం ఈ రెండింటిలోంచి ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో చెప్పే పట్టీ మాత్రమే. గుమాస్తా పనిని ఇలా రాయొచ్చు. ఒక్కో వరసా ఒక్కో దశ, ఒక్కో బ్రాకెట్టులో ఏ నిల్వ, ఎక్కడి నుంచి, ఎన్ని సంకేతాలు అన్నవి ఉన్నాయి:

```
[orig, 0, 15]
[orig, 0, 11] [add, 0, 8]
[add, 8, 8] [orig, 4, 7] [add, 0, 8]
```

మొదటి వరసలో ఫైల్లోని పదిహేను సంకేతాలు ఉన్నవి ఉన్నట్టు. ‘రాదు’ తుడిచినప్పుడు ఆ నాలుగు సంకేతాలు ఎక్కడికీ పోలేదు. పట్టీ వాటిని చూపించడం మానేసింది, అంతే. ‘వస్తుంది’ కొత్త నిల్వలో మొదటి ఎనిమిది సంకేతాలుగా చేరింది. మూడో దశలో ‘ఎల్లుండి’ దాని వెనక చేరింది. అసలు ఫైలు నుంచి ఇప్పుడు చూపిస్తున్నది మధ్యలోని ‘బస్సు’, దానికి అటూ ఇటూ ఉన్న ఖాళీలు. తిరిగి వెళ్లాలంటే పట్టీలో మారిన ముక్కల చోట పాత ముక్కలను పెడితే చాలు. పాఠ్యాన్ని ఎక్కడికీ నకలు చేయనక్కర్లేదు.

ఈ పద్ధతి అందం పెద్ద మార్పుల దగ్గర తెలుస్తుంది. నవలలో యాభై పేజీలు ఒక్కసారిగా తుడిచినా అన్‌డూ పద్దులో ఉండేవి నాలుగైదు అంకెలే. చిట్టా పద్ధతిలో ఆ యాభై పేజీలూ పద్దులో మోయాలి.

ఖర్చు వేరే చోట పడుతుంది. పదే పదే దిద్దిన పత్రంలో ముక్కలు వేలకు చేరతాయి. మూడు లక్షలవ సంకేతం ఎక్కడుందో తెలియాలంటే మొదటి ముక్క నుంచి పొడవులు కూడుకుంటూ పోవాలి. వీఎస్ కోడ్ ఎడిటర్ బృందం 2018 మార్చిలో పాఠ్యం దాచే పద్ధతిని మార్చినప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంది. అంతకు ముందు ఆ ఎడిటర్ ఒక్కో వరసను ఒక్కో వస్తువుగా దాచేది. ఒక వాడుకరి 35 మెగాబైట్ల ఫైలు తెరవబోతే అది కుప్పకూలింది. ఫైల్లో కోటీ ముప్పై ఏడు లక్షల వరసలున్నాయి. వరసకు నలభై నుంచి అరవై బైట్ల అదనపు సామాను చొప్పున మొత్తం దాదాపు 600 మెగాబైట్లయింది. బృందం ముక్కల పట్టీకి మారింది. ముక్కలను వరసగా పేర్చకుండా రెడ్-బ్లాక్ ట్రీ అనే సమతూకం గల చెట్టులో పెట్టి, ఒక్కో కణుపు దగ్గర దాని ఎడమ వైపు ఎన్ని సంకేతాలు, ఎన్ని వరసలు ఉన్నాయో రాసిపెట్టింది. దాంతో వేల ముక్కల్లోనూ కావాల్సిన చోటు పది, ఇరవై అడుగుల్లో దొరుకుతుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ముక్కల పట్టీ చేతిలో ఉన్నా, వీఎస్ కోడ్ అన్‌డూ కోసం చిట్టానే వాడుతుంది. పాత పాఠ్యం, కొత్త పాఠ్యం, స్థానాలతో పద్దులు రాసుకుంటుంది. పాఠ్యం దాచే నిర్మాణం ఒకటి, చరిత్ర దాచే నిర్మాణం మరొకటి. రెండూ ఒకటే కానక్కర్లేదు. చిట్టా విడిగా ఉంటే రేపు పాఠ్యం నిర్మాణాన్ని మార్చుకున్నా అన్‌డూ చెడదు.

ఫొటో పద్ధతి కూడా ఈ చెట్ల పుణ్యమా అని మరో వేషంలో తిరిగొచ్చింది. మెగాబైటు పాఠ్యాన్ని కిలోబైటు చొప్పున 1,024 ఆకులుగా చేసి చెట్టులా కడితే, వేరు నుంచి ఆకుకు పది మెట్లు. ఒక అక్షరం మారినప్పుడు పాత చెట్టును కదపకుండా, ఆ ఆకునూ దాని పైనున్న పది కణుపులనూ మాత్రం కొత్తగా చేస్తారు. మిగతా వెయ్యికి పైగా ఆకులను పాత చెట్టు, కొత్త చెట్టు కలిసి వాడుకుంటాయి. పాత వేరును పట్టుకుని ఉంచితే అదే ఫొటో. మెగాబైటు ఖర్చు కాస్తా కిలోబైటు, పైన కొంచెంగా తగ్గింది. మళ్లీ రాయని చెట్టు కాబట్టి స్థానాలు తప్పే భయమూ లేదు.

అడుగంటే ఎంత?

గుమాస్తా రెండుసార్లు నొక్కితేనే పాత వాక్యం ఎలా వచ్చింది? ‘వస్తుంది’ టైపు చేయడానికి అతను ఎన్నో మీటలు నొక్కి ఉంటాడు. మీటకో పద్దు చొప్పున ఉంటే వెనక్కి రావడానికి పదుల సార్లు కంట్రోల్-జెడ్ నొక్కాలి. ఎడిటర్ వాటిని ఒక అడుగుగా కలిపింది. ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి అన్నది ఏ డేటా నిర్మాణమూ చెప్పదు, మనిషి తీరును చూసి తేల్చుకోవాలి. ఎడిటర్ వాడేవాళ్లకు పైన చెప్పిన ముక్కలు, చెట్లు ఎప్పుడూ కనిపించవు. ఇది మాత్రం ప్రతిరోజూ తగులుతుంది.

విమ్ ఎడిటర్లో రాసే స్థితిలోకి వెళ్లి ఎస్కేప్ మీట నొక్కి బయటికి వచ్చేదాకా కొట్టినదంతా ఒక్క అడుగు. మధ్యలో బాణం మీటతో జరిగితే అక్కడ తెగుతుంది. కోడ్‌మిర్రర్ అనే ఎడిటర్ గడియారం చూస్తుంది. పక్కపక్కనే జరిగిన మార్పుల మధ్య అర సెకను దాటి విరామం వస్తే కొత్త అడుగు మొదలుపెడుతుంది. ఈమాక్స్ వరసగా కొట్టిన అక్షరాలను ఇరవై చొప్పున కలుపుతుంది.

ఇరవై అన్న లెక్క ఇంగ్లిషుకు బాగానే ఉంటుంది. దాన్నే ఒక ప్రోగ్రామర్ తెలుగు ఎడిటర్లోకి తెచ్చుకుని, ఇరవై సంకేతాలకో అడుగు అని పెట్టాడనుకుందాం. ‘ఎల్లుండి బస్సు వస్తుంది’ అన్న వాక్యంలో ఇరవై మూడు సంకేతాలున్నాయి. ఇరవయ్యోది ‘స్తు’లోని కొమ్ము. ఇరవై ఒకటోది దాని పక్కన సున్న. కంట్రోల్-జెడ్ ఒకసారి నొక్కితే తెర మీద మిగిలేది ‘ఎల్లుండి బస్సు వస్తు’. తెలుగు చదివేవాళ్లకు ‘స్తుం’ ఒకే అక్షరం, కంప్యూటర్ దాన్ని మధ్యకు కోసింది. ఒత్తు దగ్గర కోత పడితే ఇంకా వికారంగా, పొల్లు వేలాడుతూ మిగులుతుంది. కాబట్టి హద్దు లెక్క ఎక్కడ పడినా, అక్షరం పూర్తయ్యేదాకా, వీలైతే మాట పూర్తయ్యేదాకా ఆగి కోయాలి.

ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ‘లక్ష్మి’ అని రావడానికి lakshmi అని కొడుతున్నంతసేపూ, టైపింగ్ పరికరం తెర మీద ‘ల్’, ‘ల’, ‘లక్’ అంటూ ఒకదాన్ని తీసి మరొకటి పెడుతూనే ఉంటుంది. ఎడిటర్ కంటికి ఇవన్నీ విడివిడి మార్పులు. చిట్టాలో అన్నీ రాసుకుంటే, అన్‌డూ నొక్కిన మనిషికి తాను ఎన్నడూ రాయని సగం అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. బ్రౌజర్లు ఈ కూర్పు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో `compositionstart`, `compositionend` అన్న కబుర్లతో ప్రోగ్రాముకు చెబుతాయి. ఆ రెండింటి మధ్య జరిగినదంతా ఒకే పద్దుగా, ముందున్నది, చివరికి మిగిలింది మాత్రం రాసుకోవాలి. తెలుగులో కొట్టి పరీక్షించని ఎడిటర్లో ఈ లోపం చాలాకాలం దాగి ఉండగలదు.

పోయిన భవిష్యత్తు

గుమాస్తా రెండడుగులు వెనక్కి వచ్చి, ‘రేపు బస్సు రాదు’ చివర ఒక చుక్క పెట్టాడనుకుందాం. ఇప్పుడు రీడూ నొక్కితే ఏం జరగాలి? చాలా ఎడిటర్లలో ఏమీ జరగదు. కొత్త మార్పు పడగానే రీడూ దొంతరను పారేస్తాయి. స్థానాలు జరిగిపోయాక ఆ పద్దులు పనికిరావు కనుక అది సబబే. కానీ దెబ్బ ఎవరికి తగులుతుందంటే, పాత పేరా ఒకటి చూసుకుందామని యాభై అడుగులు వెనక్కి వెళ్లి, పొరపాటున స్పేస్ బార్ తాకిన మనిషికి. యాభై అడుగుల పని ఆ ఒక్క ఖాళీతో పోతుంది.

ఈమాక్స్ దీనికి వేరే దారి తొక్కింది. అందులో అన్‌డూ కూడా ఒక మార్పే, చిట్టా చివర పద్దుగా చేరుతుంది. దేన్నీ పారేయరు. వెనక్కి వచ్చి చుక్క పెట్టాక మళ్లీ అన్‌డూ నొక్కుతూ పోతే ముందు చుక్క పోతుంది, తర్వాత చేసిన అన్‌డూలు ఒక్కొక్కటే రద్దవుతాయి, ‘ఎల్లుండి బస్సు వస్తుంది’ తిరిగొస్తుంది. ఏదీ పోదు. ఎటువైపు వెళుతున్నామో మాత్రం కొత్తవాళ్లకు అంతుపట్టదు. అందరికీ అలవాటైన రీడూ లాంటి ఆదేశం ఈమాక్స్‌లో 2022లో వచ్చిన 28వ వెర్షన్‌తోనే చేరింది.

విమ్ 2006 నాటి 7.0 వెర్షన్ నుంచి చరిత్రను కొమ్మలుగా దాస్తుంది. ‘రేపు బస్సు రాదు’ దగ్గర కాండం చీలి, ఒక కొమ్మలో వస్తుంది, ఎల్లుండి. మరో కొమ్మలో చుక్క. `g-` ఆదేశం కొమ్మలతో పనిలేకుండా కాలక్రమంలో వెనక్కి తీసుకెళుతుంది. చుక్కకు ముందు తెర మీద చివరిగా పుట్టిన పాఠ్యం ‘ఎల్లుండి బస్సు వస్తుంది’ కాబట్టి ఒక్క అడుగులో అది దొరుకుతుంది. `:earlier 10m` అంటే పది నిమిషాల కిందట ఉన్నట్టు చూపిస్తుంది. చరిత్ర దాచడంలో ఇంతకన్నా నిజాయితీ గల నిర్మాణం లేదు. చెట్టును మామూలు మనిషికి ఎలా చూపించాలన్నదే దాని ఇబ్బంది. రెండు బాణాల గుర్తులతో చెట్టంతా తిరగడం కుదరదు.

పారేసే పద్ధతిలో మరో లోపం తరచూ దొర్లుతుంది, అది ఏకంగా రాసినదాన్నే పోగొడుతుంది. సేవ్ చేయని మార్పులున్నాయా లేదా అని ఎడిటర్ తెలుసుకోవాలి, మూసేటప్పుడు హెచ్చరించడానికి. తేలిక దారి ఏమిటంటే, సేవ్ చేసినప్పుడు దొంతరలో ఎన్ని పద్దులున్నాయో గుర్తుపెట్టుకుని, ఇప్పుడూ అన్నే ఉంటే మార్పు లేదనుకోవడం. గుమాస్తా రెండు మార్పుల తర్వాత సేవ్ చేశాడు, లెక్క 2. ఒకడుగు వెనక్కి వచ్చాడు, లెక్క 1. చుక్క పెట్టాడు, మళ్లీ 2. పాఠ్యం వేరు, లెక్క మాత్రం ఒకటే. ఎడిటర్ హెచ్చరించకుండా మూసుకుంటుంది, చుక్క పోతుంది. లెక్కకు బదులు ఒక్కో స్థితికి మళ్లీ ఎవరికీ రాని సంఖ్య ఇచ్చి, సేవ్ చేసిన స్థితి సంఖ్యను గుర్తుంచుకుంటే ఈ తప్పు జరగదు.

ఇలాంటివి పట్టుకోవడానికి ప్రోగ్రామర్లు చేసే పరీక్ష సూటిగా ఉంటుంది. కంప్యూటర్ చేతనే ఎక్కడబడితే అక్కడ వెయ్యి మార్పులు చేయించి, ప్రతి స్థితికీ నకలు దాచి, మొదటిదాకా వెనక్కి వచ్చి, చివరిదాకా ముందుకు వెళ్లి, ప్రతి అడుగులోనూ నకలుతో పోల్చడం. మొదట పక్కన పెట్టిన ఫొటో పద్ధతి ఇక్కడ సాక్షిగా పనికొస్తుంది.

ఒకే పత్రాన్ని ఇద్దరు దిద్దుతుంటే గాజుల వరసే చెల్లదు. గుమాస్తా ‘వస్తుంది’ అని మార్చాక, డిపోలో కూర్చున్న మేనేజరు ‘ఎల్లుండి’ అని మార్చాడనుకుందాం. గుమాస్తా కంట్రోల్-జెడ్ నొక్కితే పోవాల్సింది తన మార్పే, మేనేజరుది కాదు. అంటే ఇందాక ‘బసరాదుుంది’ అని చెడగొట్టిన పనినే ఇప్పుడు సరిగ్గా చేయాలి. దానికి ఎడిటర్ 11వ స్థానానికి, తర్వాత వచ్చిన మార్పు వల్ల పెరిగిన నాలుగును కలిపి 15 చేయాలి. వినడానికి ఒక కూడికే. ఒకరు తుడిచిన మాట మధ్యలోనే మరొకరు రాసి ఉంటే ఎటు జరపాలన్నది తేల్చడం కష్టం. 1989లో ఎల్లిస్, గిబ్స్ ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ పేరుతో ప్రతిపాదించిన పద్ధతి ఇలా స్థానాలు జరపడం గురించే.

ఇక ఎంతకాలం దాచాలన్నది మిగిలింది. విమ్ అడుగులు లెక్కపెడుతుంది, మామూలుగా వెయ్యి దాకా ఉంచుతుంది. ఈమాక్స్ బైట్లు లెక్కపెడుతుంది, లక్షా అరవై వేలు దాటాక పాతవాటిని తీసేయడం మొదలుపెడుతుంది. అడుగుల లెక్కలో వెయ్యి చిన్న మార్పులకు చోటు ఎంత తక్కువ పడుతుందో, వెయ్యి పెద్ద అతికింపులకు అంత ఎక్కువ పడుతుంది. బైట్ల లెక్కలో జ్ఞాపకం అదుపులో ఉంటుంది కానీ ఎన్ని అడుగులు దొరుకుతాయో ముందే చెప్పలేం.

2010లో వచ్చిన విమ్ 7.3 ఆ చరిత్రను డిస్కు మీద విడి ఫైలుగా దాచే వీలు కల్పించింది. కంప్యూటర్ ఆపేసి మర్నాడు తెరిచినా నిన్నటి మార్పులు వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఫైల్లో అసలు పాఠ్యానికి లెక్కకట్టిన ఒక ముద్ర కూడా ఉంటుంది. మధ్యలో వేరే ప్రోగ్రాము పత్రాన్ని మార్చి ఉంటే ముద్ర సరిపోక, విమ్ ఆ చరిత్రను వాడదు. స్థానాలు తప్పిన చిట్టాతో పాఠ్యాన్ని పాడుచేయకుండా ఉండటానికే ఇది. అయితే డిస్కు మీది చరిత్రలో తుడిచేసిన మాటలన్నీ ఉంటాయి. పొరపాటున అతికించి వెంటనే తీసేసిన పాస్‌వర్డుతో సహా. అందుకే విమ్ సహాయ పత్రాల్లో తాత్కాలిక ఫైళ్లకు చరిత్ర రాయొద్దని చెప్పే ఒక వరస ఉదాహరణగా ఇచ్చారు:

```
au BufWritePre /tmp/* setlocal noundofile
```